బరంపురంలో పొద్దున 5:30 కొత్త యోగా బ్యాచ్, జూన్ 1 నుంచి (ముందు రెండు రోజులు ట్రయల్ క్లాస్ ఉచితం)

"ఏడింటికల్లా మగ్గం మీద కూర్చోవాలి మేడమ్, మీ 6:45 క్లాసుకి నేనెలా వస్తాను" అని పెద్ద బజారు వైపు నుంచి ఒక అక్క మొన్న సంక్రాంతి అప్పుడు అడిగింది. అప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. తర్వాత అదే మాట టిఫిన్ హోటల్ నడిపే తమ్ముడూ అన్నాడు, బిజీపూర్ నుంచి వచ్చే స్కూల్ టీచరమ్మా అంది. అందరి బాధా ఒకటే, మనసుంది కానీ ఆ టైం కుదరదు. అందుకే ఈ బ్యాచ్.

జూన్ 1, 2026, సోమవారం నుంచి ఉదయం 5:30 నుంచి 6:30 దాకా. సోమవారం నుంచి శనివారం వరకు వారానికి ఆరు రోజులు, ఆదివారం సెలవు, రజో పండగ మూడు రోజులూ సెలవు. చోటు అదే, రామలింగం ట్యాంకు దగ్గర మన హాలు, మేడ మీద మొదటి అంతస్తు. సరిగ్గా ఆరున్నరకి ముగించేస్తాం, ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఉంచం, ఎందుకంటే ఇంటికెళ్లి స్నానం చేసి క్యారేజీ కట్టుకుని బయల్దేరాల్సిన వాళ్లే ఇందులో ఎక్కువ. పాత 6:45 బ్యాచ్, సాయంత్రం 5:30 బ్యాచ్ ఎప్పటిలాగే నడుస్తాయి, వాటిలో ఏ మార్పూ లేదు.

అంత తెల్లారుజామున ఎందుకు అంటారేమో, జూన్‌లో మన ఊళ్లో ఐదూ పదికల్లా తెల్లారిపోతుంది, ఏడు దాటితే ఉక్కపోతకి ఫ్యాన్ కింద కూడా చెమటలే. 5:30కి కిటికీలు తీస్తే చెరువు వైపు నుంచి గాలి వస్తుంది, ఆ గంటా శరీరం మాట వింటుంది.

ఈ బ్యాచ్‌లో ఏం చేయిస్తామో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే యోగా అంటే తల కిందకీ కాళ్లు పైకీ పెట్టడం అనుకుని భయపడే వాళ్లని రోజూ చూస్తున్నాను. గుంట మగ్గం మీద రోజంతా కూర్చునే వాళ్ల నడుము ఎలా ఉంటుందో తెలుసా, నాడె విసిరేటప్పుడు ఒళ్లంతా ముందుకే వంగుతుంది, కాళ్లు కింద గుంటలో తొక్కుతూనే ఉంటాయి, సాయంత్రం లేచి నిలబడితే వీపు నిటారుగా రాదు. అలాంటి వాళ్లకి మొదటి వారం ముందుకి వంగే ఆసనాలు ఇవ్వను. బోర్లా పడుకుని మెల్లగా ఛాతీ ఎత్తే భుజంగాసనం, కాళ్లు ఒక్కొక్కటిగా ఎత్తే శలభాసనం, పిల్లి వీపు విరుచుకున్నట్టు చేసే మార్జాలాసనం, ఇవే. ఇక అప్పడాలు ఒత్తే అక్కలకి నొప్పి బొటనవేలు మొదట్లో, మణికట్టులో వస్తుంది. వాళ్లు అరచేతుల మీద బరువు వేస్తే నొప్పి ఇంకా పెరుగుతుంది, కాబట్టి పిడికిళ్ల మీద గానీ మోచేతుల మీద గానీ ఆనించి చేయిస్తాను. ఇది ఫోన్‌లో వీడియో చూసి చేస్తే ఎవరూ చెప్పరు, పక్కన నిలబడి చెయ్యి పట్టుకుని సరిచేసే మనిషి కావాలి.

సూర్య నమస్కారాలు తప్పకుండా ఉంటాయి, కానీ మొదటి వారం రోజుకి మూడే. పన్నెండు స్థితులూ ఒకటొకటిగా, ఏ స్థితిలో ఊపిరి తీసుకోవాలో ఎక్కడ వదలాలో తెలిశాకే లెక్క పెంచుతాం. మోకాళ్లు వంచకుండా చేతులు నేలకి ఆనలేదని దిగులు పడొద్దు, మోకాళ్లు కొంచెం వంచండి, నడుము కాపాడుకోవడమే ముఖ్యం. చివరి పది నిమిషాలు అనులోమ విలోమం, ఆ తర్వాత శవాసనం. నేను తెలుగులో చెప్తాను, ఒడియా వాళ్లు కూడా ఉంటారు కాబట్టి "శ్వాస నిఅంతు, శ్వాస ఛాడంతు" అని కూడా వినిపిస్తుంది, రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

ఫీజు నెలకి 800 రూపాయలు. మూడు నెలలు ఒకేసారి కడితే 2100. ఒకే ఇంటి నుంచి ఇద్దరు వస్తే ఇద్దరికీ కలిపి నెలకి 1400. అరవై దాటిన పెద్దవాళ్లకి, కాలేజీ పిల్లలకి 600. అడ్మిషన్ ఫీజు అంటూ వేరే ఏమీ లేదు. నగదు ఇచ్చినా సరే, ఫోన్‌పే చేసినా సరే. నెల మధ్యలో ఒంట్లో బాగోక వారం పైన రాలేకపోతే చెప్పండి, ఆ రోజులు వచ్చే నెలలో కలుపుతాం. ఫీజు కట్టడం కష్టంగా ఉంటే ఆ కారణంతో మాత్రం ఆగిపోవద్దు, ఒకసారి వచ్చి నాతో విడిగా మాట్లాడండి, ఆ మాట మన మధ్యే ఉంటుంది.

ట్రయల్ క్లాస్ మే 30 శనివారం, మే 31 ఆదివారం, రెండు రోజులూ ఉదయం 5:30కే. ఏదో ఒక రోజు రండి, రెండు రోజులూ వచ్చినా సంతోషమే. పైసా అడగం, ఆ రోజు ఫీజు తీసుకోం కూడా, ఇంటికెళ్లి ఆలోచించుకుని చెప్పండి. హాల్లో ఒక్కసారికి పద్దెనిమిది మందికే చోటు, చేతులు చాపితే పక్కవాళ్లకి తగలకూడదు కదా, అందుకే ముందు చెప్పిన వాళ్లకి ముందు. కామెంట్‌లో మీ పేరు, ఏ రోజు వస్తారో రాయండి, లేదా ఇదే పేజీకి మెసేజ్ పెట్టండి, సాయంత్రంలోగా జవాబు ఇస్తాను.

వచ్చేటప్పుడు వదులు బట్టలు, ఒక మందపాటి దుప్పటి, నీళ్ల సీసా. యోగా మ్యాట్ కొనుక్కుని రానక్కర్లేదు, ట్రయల్‌కి మేమే ఇస్తాం. ఖాళీ కడుపుతో రావాలి, టీ తాగందే లేవలేని వాళ్లు అరగంట ముందు అరకప్పు తాగండి, బిస్కెట్లు మాత్రం వద్దు.

ఇది మాత్రం దయచేసి చదవండి. బీపీ, హెర్నియా, డిస్క్ సమస్య, గుండె జబ్బు, ఈ మధ్య ఏదైనా ఆపరేషన్, గర్భంతో ఉండటం, వీటిలో ఏది ఉన్నా క్లాస్ మొదలవక ముందే నాకు చెప్పండి, డాక్టర్ చీటీ ఉంటే తెండి. బీపీ ఎక్కువ ఉన్నవాళ్లతో, హెర్నియా ఉన్నవాళ్లతో, గర్భిణులతో కపాలభాతి చేయించను. మోకాలి ఆపరేషన్ అయిన వాళ్లని వజ్రాసనంలో కూర్చోబెట్టను, కుర్చీ వేస్తాను. మందులు మానేయమని ఇక్కడ ఎవరూ చెప్పరు, నెలలో పది కిలోలు తగ్గిస్తామనే మాట కూడా నా నోట రాదు. రోజూ గంటసేపు వస్తే ఒళ్లు తేలిక పడుతుంది, నిద్ర బాగా పడుతుంది, అది పాత బ్యాచ్ వాళ్లని మీరే అడగొచ్చు.

ఇంకొకటి, ఈసారి జూన్ 21 యోగా దినోత్సవం ఆదివారం వచ్చింది. ఆ ఒక్క ఆదివారం సెలవు లేదు, అన్ని బ్యాచ్‌లూ కలిసి హాలు పైన డాబా మీద 45 నిమిషాల ఆయుష్ ప్రోటోకాల్ చేద్దాం, ఇంట్లో వాళ్లనీ తీసుకురండి, దానికి ఫీజు లేదు.

గేట్ బజార్ వైపు నుంచి వచ్చేవాళ్లు బండ్లు కింద గోడ పక్కన పెట్టండి, చెప్పులు మెట్ల దగ్గర. తలుపు 5:15కే తీసి ఉంటుంది, మొదటిసారి వచ్చేవాళ్లు ఆ టైంకే వస్తే మీ నొప్పులూ ఇబ్బందులూ తీరిగ్గా వింటాను.