కేవైసీ: మార్చి 31 లోపు ఒకసారి బ్రాంచికి రండి

ఖాతాదారులకు నమస్కారం.

మీరు ఖాతా తెరిచి పదేళ్లు కావస్తోంది. ఇన్నేళ్ల తర్వాత పేరు, అడ్రస్ మళ్లీ సరిచూడాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. మీ ఖాతాలో ఏదో తప్పు దొర్లిందని కాదు, టెన్షన్ పడకండి.

గడువు: 2026 మార్చి 31, మంగళవారం, సాయంత్రం 4 గంటలు.

ఏమీ మారకపోతే కాగితాలు తేనక్కర్లేదు. ‘మార్పు లేదు’ అన్న ఫారం మీద సంతకం చాలు. నెట్ బ్యాంకింగ్‌లోనూ చెప్పొచ్చు. ఇల్లు మారితే కొత్త అడ్రస్ ఉన్న ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టుల్లో ఏదో ఒకటి తెండి. ఒరిజినల్ చూసి అక్కడే తిరిగిచ్చేస్తాం.

గడువు దాటితే ఏప్రిల్ 1 నుంచి ఏటీఎం, యూపీఐ, చెక్కులతో డబ్బు తీయడం కుదరదు. ఉన్న డబ్బు ఎక్కడికీ పోదు. జీతం, పింఛను, గ్యాస్ సబ్సిడీ ఎప్పటిలాగే జమవుతాయి. వివరాలిచ్చిన మరుసటి పనిదినం నుంచి అన్నీ మామూలే. లోన్ కిస్తీ ఈ ఖాతాలోంచే కట్ అవుతుంటే మాత్రం ఆలస్యం చేయకండి, కిస్తీ కూడా ఆగుతుంది.

నెలాఖరులో కౌంటర్ల దగ్గర రద్దీ ఎక్కువ, కాస్త ముందే వస్తే మీకే సుఖం. కదల్లేని పెద్దవాళ్లుంటే కబురు చేయండి, మా సిబ్బందే ఇంటికొస్తారు.

కేవైసీ పేరుతో ఎవరైనా లింకు పంపినా, ఓటీపీ అడిగినా అది మేము కాదు.

బ్రాంచి మేనేజర్, తెనాలి