మీ ఫొటోలు ఏ ఏసీలో ఉన్నాయి?

స్లైడ్ 1

మీ ఫొటోలు ఏ ఏసీలో ఉన్నాయి?

ఏసీలో మిర్చి దాచిన ఇంట్లో పుట్టారా? అయితే క్లౌడ్ స్టోరేజ్ మీకు సగం తెలిసినట్టే. మిగతా సగం ఇక్కడ చదవండి.

పక్కకు జరపండి 👉

---

స్లైడ్ 2

ముందు మిర్చి సంగతి

మార్చిలో కాయ కళ్లంలో ఎండింది. యార్డులో రేటు చూస్తే మనసొప్పలేదు. టిక్కీలన్నీ ఇంట్లో పెడదామంటే చోటు చాలదు. పెట్టినా వానాకాలం వచ్చేసరికి రంగు తగ్గి, పురుగు పట్టి, తాలు కింద లెక్కేస్తారు.

ఏం చేస్తాం? లారీకెత్తి గుంటూరు చుట్టుపక్కల ఏదో ఒక ఏసీకి తోలతాం. అంటే కోల్డ్ స్టోరేజీ. గోడలు వాళ్లవి, కరెంటు బిల్లు వాళ్లది, కాపలా వాళ్లది. సరుకు మాత్రం మనది. టిక్కీకింత అని అద్దె కట్టి, చేతికి బాండ్ తెచ్చుకుంటాం.

---

స్లైడ్ 3

ఇప్పుడు ఫోన్ సంగతి

ఫోన్‌లో మనవడి అన్నప్రాసన వీడియో, పెళ్లి ఫొటోలు, పాసుపుస్తకం ఫొటో. రోజూ పొద్దున్నే వచ్చే శుభోదయం పూలు సరేసరి. ఒకరోజు "స్టోరేజ్ ఫుల్" అని వస్తుంది. లేదంటే ఫోన్ బోరుబావి తొట్టిలో పడుతుంది.

అందుకే ఫొటోలను కూడా బయట పెద్ద గోదాములో దాచుకుంటున్నారు. ఆ గోదాము పేరు డేటా సెంటర్. అక్కడ టిక్కీల బదులు వరసగా కంప్యూటర్లుంటాయి. వాటికీ చల్లదనం కావాలి, రాత్రింబగళ్లు కరెంటు కావాలి, కాపలా కావాలి. గూగుల్ ఫొటోస్, ఐక్లౌడ్, వన్‌డ్రైవ్ ఇవన్నీ అలాంటి గోదాములు నడిపేవాళ్లు పెట్టుకున్న పేర్లు.

క్లౌడ్ అంటే మబ్బు అని పేరే గానీ, ఆకాశంలో ఏమీ లేదు. అంతా నేల మీదే, ఎవరిదో ఒకరి బిల్డింగ్‌లో.

---

స్లైడ్ 4

ఆ బిల్డింగ్ ఎక్కడుంటుంది?

కొన్ని మన దగ్గరే. అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాలను 2016లో ముంబయిలో, 2022లో హైదరాబాద్‌లో మొదలుపెట్టింది. గూగుల్ క్లౌడ్ 2017లో ముంబయికి, 2021లో ఢిల్లీ ప్రాంతానికి వచ్చింది. విశాఖలో భారీ డేటా సెంటర్ కడతామని 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించింది.

మీ ఫొటో వీటిలో ఏ గదిలో ఉందో మీకు చెప్పరు. మీరు వెతుక్కోనక్కర్లేదు కూడా. ఏసీలో మన లాట్ ఏ ఛాంబర్‌లో, ఏ అంతస్తులో ఉందో గుమాస్తా పుస్తకంలో ఉంటుంది. మనం బాండ్ చూపిస్తే వాళ్లే దించి ఇస్తారు. ఇక్కడా అంతే.

---

స్లైడ్ 5

బాండ్ ఎవరి పేరు మీద ఉంది?

పదిమందీ బోల్తా పడేది ఇక్కడే. అందుకే ఈ స్లైడ్ కాస్త పొడుగు.

క్లౌడ్‌లో బాండ్ అంటే మీ జీమెయిల్ ఐడీ, దాని పాస్‌వర్డ్. కొత్త ఫోన్ కొన్న రోజు షాపులో కుర్రాడు గబగబా ఏదో ఒక ఐడీ చేసి ఇచ్చేస్తాడు. పాస్‌వర్డ్ ఏం పెట్టాడో ఆ సాయంత్రానికి అతనికే గుర్తుండదు. నంబర్ కూడా ఒక్కోసారి అతనిదే ఇస్తాడు. ఫోన్ పని చేసినన్నాళ్లూ ఆ ఊసే రాదు.

ఫోన్ పోయాక సత్తెనపల్లిలోని మన సెంటర్‌లో జరిగే మాటలు ఇలా ఉంటాయి:

"ఫొటోలు తిరిగొస్తాయా బాబూ?"
"వస్తాయి బాబాయ్. జీమెయిల్ ఐడీ చెప్పండి."
"అదేంటో మరి. షాపువాళ్లే పెట్టారు."

సరుకు భద్రంగానే ఉంది. గోదాము కాలలేదు, వరద రాలేదు. బాండ్ లేదు, అంతే. ఏసీ మేనేజర్ మనల్ని ముఖం చూసి గుర్తుపడతాడు, నాలుగు మాటలడిగి సరుకు ఇస్తాడు. గూగుల్‌కి మన ముఖం తెలియదు. రికవరీకి, అంటే ఖాతా తిరిగి తెచ్చుకోవడానికి, ఇచ్చిన ఫోన్ నంబర్ మనదైతే దారి దొరికే అవకాశం ఎక్కువ.

కాబట్టి ఐడీ, పాస్‌వర్డ్ రెండూ డైరీలో రాసి బీరువాలో పెట్టండి. కాగితం మీద రాయకూడదని ఎవరైనా అంటే, ఇంట్లో పెద్దవాళ్ల విషయంలో నేను ఒప్పుకోను. మర్చిపోవడం కంటే రాసుకోవడమే నయం. ఆ డైరీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపకండి, అది చాలు.

---

స్లైడ్ 6

లారీ కదిలిందా?

ఏసీ మాట్లాడుకున్నాం, బాండ్ ఉంది, లారీ మాత్రం కళ్లం దగ్గరే ఆగిపోయింది. అప్పుడు సరుకు ఏసీలో ఉన్నట్టా?

ఇక్కడ లారీ అంటే ఇంటర్నెట్. చాలా ఫోన్లలో బ్యాకప్ వైఫై దొరికితేనే నడిచేలా ఉంటుంది. ఇంట్లో వైఫై లేనివాళ్ల ఫొటోలు నెలల తరబడి ఫోన్‌లోనే పడుంటాయి.

చూసుకోవడం తేలిక. గూగుల్ ఫొటోస్ తెరిచి, పైన కుడిపక్క గుండ్రటి బొమ్మ నొక్కండి. `Backup complete` అని ఉంటే సరుకు చేరినట్టు. `Backup is off` అని ఉంటే ఒక్కటీ వెళ్లడం లేదు.

ఇంకోటి. మామూలుగా కెమెరాతో తీసినవే వెళ్తాయి. వాట్సాప్‌లో వచ్చిన పెళ్లి ఫొటోలు వెళ్లాలంటే `Back up device folders` లో వాట్సాప్ ఫోల్డర్‌ని ఆన్ చేయాలి. అయితే శుభోదయం పూలు కూడా వెంటే వెళ్తాయి, ముందే చెబుతున్నా.

---

స్లైడ్ 7

మిర్చితో పోలిక ఇక్కడ తెగిపోతుంది ⚠️

టిక్కీ ఏసీకి వెళ్తే ఇంట్లో ఉండదు. ఫొటో అలా కాదు. నకలు క్లౌడ్‌కి వెళ్తుంది, అసలు ఫోన్‌లోనే ఉంటుంది.

"రెండు చోట్లా ఉందిగా, ఇక్కడిది తీసేస్తే చోటు ఖాళీ అవుతుంది" అనుకుని గూగుల్ ఫొటోస్‌లో డిలీట్ కొడతారు. అది రెండు చోట్లా పోతుంది. ఎందుకంటే ఆ యాప్ ఫోన్‌లో ఉన్నదీ గోదాములో ఉన్నదీ ఒకే ఖాతాగా చూస్తుంది. ఐఫోన్‌లో ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉన్నా ఇదే తంతు.

ఫోన్‌లో మాత్రమే చోటు కావాలంటే నొక్కాల్సింది `Free up space`. గోదాముకి చేరినవాటినే చూసి, ఫోన్‌లో నుంచి మాత్రమే తీస్తుంది. ఒక్క ఫొటో అయితే `Delete from device`.

పొరపాటున డిలీట్ అయిందా? కంగారు పడకండి. బ్యాకప్ అయిన ఫొటో గూగుల్ ఫొటోస్‌లో `Trash` లో 60 రోజులుంటుంది. బ్యాకప్ కానిదైతే 30 రోజులు. ఆ లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. డబ్బులిస్తే తెస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

---

స్లైడ్ 8

అద్దె ఎంత?

గూగుల్ 15 జీబీ ఉచితంగా ఇస్తుంది. ఐక్లౌడ్, వన్‌డ్రైవ్ చెరో 5 జీబీ. ఒక ఫొటో 3 ఎంబీ అనుకుంటే 15 జీబీలో దాదాపు 5 వేలు పడతాయి. వీడియోలు పెడితే చూస్తుండగానే నిండుతుంది.

ఆ 15 జీబీ ఫొటోలకొక్కటే కాదు. జీమెయిల్, డ్రైవ్, ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. కాస్త తగ్గించిన క్వాలిటీలో ఎన్ని ఫొటోలైనా ఉచితం అనే రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి.

నిండితే కొత్త ఫొటోలు వెళ్లవు, జీమెయిల్‌కి కొత్త ఉత్తరాలు రావు. పిల్లల పరీక్షల హాల్‌టికెట్ ఆ మెయిల్‌కే రావాల్సి ఉంటే తలనొప్పే. అద్దె కట్టండి, లేదా పనికిరానివి తీసేయండి. నా ఓటు ముందు తీసేయడానికే. మూడొంతులు చెత్తే ఉంటుంది, వెతికి చూడండి.

---

స్లైడ్ 9

ఏసీ తగలబడితే?

గుంటూరు వైపు ఈ భయం ఎవరికీ కొత్త కాదు. పెద్ద కంపెనీలు ఒకే వస్తువుకి నకళ్లు తీసి వేర్వేరు చోట్ల ఉంచుతాయి. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. మిర్చికి ఆ సౌకర్యం లేదు పాపం.

కానీ నకలు పెట్టనివాళ్లూ ఉంటారు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకుని మంటలు లేచాయి. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అక్కడే ఉంది. 858 టెరాబైట్లు పోయాయి. దానికి వేరేచోట నకలు లేదు. టెక్నాలజీలో ముందున్న దేశంలోనే ఇలా జరిగింది.

కాబట్టి మరీ ముఖ్యమైనవి, ఓ రెండొందల ఫొటోలు, పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో కూడా ఉంచుకోండి.

---

స్లైడ్ 10

వాళ్లు మన సరుకు చూస్తారా?

దారిలో, గోదాములో ఫొటోలకు తాళాలుంటాయి. మామూలుగా ఆ తాళంచెవులు కంపెనీ దగ్గరే ఉంటాయి. ఏసీ ఓనర్ దగ్గరా ఛాంబర్ తాళం ఉంటుందిగా! పక్కవాడు దూరకుండా కాపలా గట్టిదే. అయినా ఏటీఎం పిన్, బ్యాంకు పాస్‌వర్డ్ రాసిన కాగితాలు ఫొటో తీసి పెట్టకండి. ఆధార్, మార్కుల మెమోల్లాంటివాటికి ప్రభుత్వ డిజీలాకర్ ఉంది, అందులో పెట్టుకోండి.

---

స్లైడ్ 11

రెండేళ్లు తిరిగి చూడకపోతే

ఏసీలో సరుకు పెట్టి అద్దె కట్టక, మనిషి కనపడక పోతే ఓనర్ ఎన్నాళ్లు ఊరుకుంటాడు? గూగుల్ ఖాతాను రెండేళ్లపాటు అసలు వాడకపోతే, అందులో ఉన్నవాటితో సహా తీసేయవచ్చని ఆ కంపెనీ నియమం.

ఇది ఎక్కువగా తగిలేది చనిపోయినవాళ్ల ఫోన్లకు. నాన్నగారి ఫోన్ బీరువాలో పెట్టేస్తారు, సిమ్ రద్దవుతుంది, ఆయన తీసిన ఫొటోలన్నీ ఆ ఖాతాలోనే ఉండిపోతాయి. అందుకే ఆయన ఉండగానే, ఇప్పుడే అడిగి, గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో `Inactive Account Manager` తెరిచి మీ పేరు పెట్టించండి. ఖాతా ఇన్ని నెలలు వాడకపోతే ఫలానావాళ్లకు అందులోవి అందించాలని ముందే చెప్పి ఉంచవచ్చు. పొలానికి వీలునామా రాయించే ఇళ్లలో కూడా దీని సంగతి ఎవరికీ తట్టదు.

---

స్లైడ్ 12

ఈ రాత్రి అన్నం తిన్నాక

ఫోన్ తీసి, మీ జీమెయిల్ ఐడీ ఏమిటో చూసి డైరీలో రాయండి. రికవరీ నంబర్ మీదేనా చూడండి. తర్వాత గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ నడుస్తోందో లేదో చూడండి. పది నిమిషాల పని.

---

పోస్ట్ కింద రాత

ఇంట్లో పెద్దవాళ్లకు 5, 7 స్లైడ్లు తప్పకుండా చూపించండి. మిగతావి తర్వాత చూసినా పర్వాలేదు. ఐడీ ఏదో తెలియడం లేదంటే ఫోన్, రికవరీ నంబర్ ఉన్న సిమ్ రెండూ పట్టుకుని సాయంత్రం 5 నుంచి 7 మధ్య సత్తెనపల్లి బస్టాండ్ ఎదురు సందులోని మన సెంటర్‌కి రండి. దీనికి డబ్బులు తీసుకోం. పాస్‌వర్డ్ మీరే టైప్ చేయాలి, మాకు చెప్పొద్దు. ఆదివారం సెలవు.

#క్లౌడ్‌స్టోరేజ్ #గుంటూరుమిర్చి #తెలుగులోటెక్నాలజీ