ముఖం మార్చే యాప్‌లు: తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు

దసరా సెలవులయ్యాక మా క్లాసులో ఒకబ్బాయి మూడు రోజులు లంచ్ బాక్స్ మూత తీయలేదు. వాడి ముఖాన్ని ఓ డ్యాన్సర్ ఒంటికి అతికించిన పదిహేను సెకన్ల వీడియో పిల్లల గ్రూపులో తిరుగుతోందని నాలుగో రోజు తెలిసింది. ఇంట్లో ఎందుకు చెప్పలేదురా అంటే, "చెప్తే నా ఫోనే లాక్కుంటారు మేడమ్" అన్నాడు. ఆ మాట విన్నాకే ఇది రాస్తున్నాను.

ముందు మీ పిల్లలకు ఒక హామీ ఇవ్వండి: "ఏం జరిగినా చెప్పు, ఫోన్ తీసుకోను." ఇచ్చాక నిలబెట్టుకోండి. ఎదురుగా కూర్చోబెట్టి క్లాసు పీకితే వినరు. బండి మీద వెళ్తూనో, చిక్కుళ్లు ఒలుస్తూనో "నీ ఫ్రెండ్స్ ఆ యాప్ వాడతారా? నాకూ చూపించు" అని మొదలుపెట్టండి. మీ ముఖంతోనే ఒకటి చేయించుకుని నవ్వుకోండి. ఆ తర్వాత అడగండి: "ఇదే మీ ఫ్రెండ్‌కి చేస్తే, వాళ్లమ్మ ముందు ప్లే చేయగలవా?" మీవాడు బాధితుడే అనుకోకండి, చేసినవాడూ కావచ్చు. మా క్లాసులో ఆ వీడియో చేసిన పిల్లాడు నిజంగానే జోక్ అనుకున్నాడు.

2023 నవంబరులో నటి రష్మిక ముఖంతో వచ్చిన లిఫ్ట్ వీడియో పిల్లలందరికీ గుర్తే. ఆ కేసులో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసింది గుంటూరు కుర్రాణ్ణే. ఈ సంగతి చెబితే చెవులు రిక్కిస్తారు.

ఇక ఫొటోల సంగతి. యాప్‌ను ఫోన్లోంచి తీసేస్తే ఫొటోలూ పోయాయనుకుంటాం. పోవు. చాలా యాప్‌లలో ఫొటో వాళ్ల సర్వర్‌కి వెళ్లాకే ముఖం మారుతుంది. అందుకే ముందు యాప్ తెరిచి, సెట్టింగ్స్‌లో అప్‌లోడ్ చేసినవి తీసేసి, `Delete account` నొక్కండి. ఆ ఆప్షన్ కనిపించకపోతే ప్రైవసీ పాలసీ అడుగున ఉండే మెయిల్‌కు, ఏ ఖాతావో చెప్పి, ఫొటోలన్నీ తొలగించమని రాయండి. ఇదంతా అయ్యాకే అన్‌ఇన్‌స్టాల్. కొత్త యాప్ ఏదైనా ఫొటోల అనుమతి అడిగితే గ్యాలరీ మొత్తం తెరవకుండా, ఎంచుకున్న ఫొటోలకే ఇవ్వడం నేర్పండి. చెల్లెలి ఫొటో, ఫ్రెండ్ ఫొటో వాళ్లనడగకుండా ఎక్కించకూడదని కూడా.

వేధింపు దాకా వస్తే, ఎవరు, ఏ గ్రూపులో, ఎప్పుడు పెట్టారో స్క్రీన్‌షాట్ తీసి, యాప్‌లో రిపోర్ట్ కొట్టి, మాకు చెప్పండి. నగ్నంగా మార్చిన బొమ్మయితే మాత్రం ఆధారం కోసమైనా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల విషయంలో పంచడమూ ఐటీ చట్టం 67బి కింద నేరమే. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా `cybercrime.gov.in`లో ఫిర్యాదు పెట్టండి. `takeitdown.ncmec.org` కూడా ఉంది: అక్కడ బొమ్మ మీ ఫోన్ దాటి వెళ్లదు, దాన్నుంచి తయారైన గుర్తు సంఖ్యే వెళ్తుంది. దాంతో ఆ పథకంలో చేరిన సైట్లు బొమ్మను పట్టి తీసేస్తాయి. పిల్ల భయపడిపోయి ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

శనివారం మూడింటి తర్వాత స్టాఫ్ రూమ్‌లోనే ఉంటాను. పిల్లల్ని వెంటబెట్టుకు రానక్కర్లేదు, ఆ యాప్ ఉన్న ఫోన్ తెస్తే చాలు.

మీ క్లాస్ టీచర్