రసాయన శాస్త్రం ప్రశ్నపత్రంలోని 17వ ప్రశ్నపై అభ్యంతరం

పరీక్షల నియంత్రణాధికారి గారికి,

అయ్యా,

ఇటీవల జరిగిన పదో తరగతి పరీక్షలో 17వ ప్రశ్నగా "అరచేతిలో ఉంచితే శరీర ఉష్ణోగ్రతకే కరిగే లోహం ఏది?" అని అడిగి, సోడియం, గాలియం, సీజియం, మెగ్నీషియం అనే నాలుగు ఐచ్ఛికాలు ఇచ్చారు. ప్రాథమిక 'కీ'లో గాలియం ఒక్కటే సరైన సమాధానంగా ఉంది.

గాలియం ద్రవీభవన స్థానం సుమారు 29.8 డిగ్రీల సెల్సియస్ కాగా, సీజియానిది సుమారు 28.5 డిగ్రీలు. మానవ శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది గనుక, ప్రశ్నలోని షరతును రెండూ తీరుస్తాయి. నిజానికి సీజియమే ముందుగా కరుగుతుంది. సోడియానికి 98 డిగ్రీలు, మెగ్నీషియానికి 650 డిగ్రీలు అవసరం కాబట్టి వాటి విషయంలో వివాదం లేదు.

సీజియం తేమతో తీవ్రంగా చర్య జరుపుతుంది కనుక దాన్ని ఎవరూ చేతిలో పట్టుకోరని, అందువల్ల గాలియమే ఉద్దేశించిన జవాబని ప్రశ్నకర్త భావించి ఉండవచ్చు. ఆ వాదనను నేను తోసిపుచ్చను. ప్రయోగశాలలో నేనూ విద్యార్థులకు ఆ హెచ్చరికే చేస్తాను. అయితే ప్రశ్న అడిగింది కరగడం గురించే తప్ప, సురక్షితంగా పట్టుకోవడం గురించి కాదు. "సురక్షితంగా" అన్న ఒక్క మాట చేర్చి ఉంటే ఈ లేఖ రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

ద్రవీభవన స్థానాలను సరిగ్గా గుర్తుంచుకుని సీజియాన్ని ఎంచుకున్న విద్యార్థి మార్కు కోల్పోకుండా, తుది 'కీ'లో రెండు ఐచ్ఛికాలనూ సరైనవిగా పరిగణించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు