సెషన్ నోట్సు గురించి మీరు అడిగినదానికి జవాబు

విజయవాడ,
14 జులై 2025.

రమణారావు గారికి నమస్కారం.

మీ అమ్మాయి హారిక కౌన్సెలింగ్ సెషన్ నోట్సు కాపీలు ఇమ్మని శుక్రవారం మీరు పంపిన మెసేజ్ చదివాను. ఆ నోట్సు నేను ఇవ్వలేనండి. ఫోన్లో రెండు ముక్కల్లో చెబితే కటువుగా ఉంటుందని ఉత్తరం రాస్తున్నాను.

"ఫీజు కట్టేది నేను, కన్నతండ్రిని నేను, నాకు తెలియకూడనిది ఏముంటుంది?" అని అడిగారు. అడగడంలో తప్పు లేదు. ఇంటర్ చదివే పిల్ల గది తలుపు వేసుకుని కూర్చుంటే ఏ తండ్రికీ నిద్ర పట్టదు.

మొదటి రోజు మీ ముందే హారికకి ఒక మాట చెప్పాను, మీరూ సరేనని సంతకం పెట్టారు. తను ఇక్కడ చెప్పేది నా దగ్గరే ఉంటుంది. తన ప్రాణానికి గానీ, మరొకరికి గానీ ముప్పు ఉందనిపించినా, తనపై ఎవరైనా అఘాయిత్యం చేసినట్టు తెలిసినా, కోర్టు ఆదేశించినా మాత్రం గోప్యత పాటించను. ప్రాణం మీదికొచ్చే పరిస్థితైతే మీకు ఆ రోజే ఫోన్ చేస్తాను, మీరు అడిగేదాకా ఆగను. తనకిచ్చిన మాట నేను తప్పితే తను రేపటి నుంచి "బాగానే ఉన్నాను మేడమ్" అని వెళ్లిపోతుంది. అప్పుడు మీకూ నాకూ ఏమీ తెలియదు.

అసలు ఆ నోట్సు చూసినా మీకు పెద్దగా అర్థం కాదు. సగం సగం మాటలు, బాణం గుర్తులు, ప్రశ్నార్థకాలు, ఒక వారం నాకు తట్టి మరో వారం కొట్టేసిన ఊహలు. అందులో ఒక్క వాక్యం పట్టుకుని ఇంట్లో అడిగితే గొడవ తప్ప ఏమీ మిగలదు.

అయితే మిమ్మల్ని చీకట్లో ఉంచే ఉద్దేశం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా గుర్తించింది. మైనర్ తరఫున సంరక్షకులకు రోగనిర్ధారణ, చికిత్స వివరాలు అడిగే హక్కునూ ఇచ్చింది. కాబట్టి నా అంచనా ఏమిటి, ఏ పద్ధతిలో చికిత్స చేస్తున్నాను, ఇంట్లో మీరేం చేయాలి అన్నది ఒక పేజీలో రాసిస్తాను. ఇచ్చే ముందు హారికకి చదివి వినిపిస్తాను. మీరు నోట్సు అడిగిన సంగతి కూడా చెబుతాను, తన వెనకాల ఏమీ జరగలేదని తెలియాలి కదా.

19వ తేదీ శనివారం ఉదయం 11 గంటలకు మీరు, మీ శ్రీమతి గారు రండి. హారిక ఒప్పుకుంటే నలుగురం కూర్చుందాం. తను మీతో చెప్పాలనుకున్నది తన నోటితోనే చెప్పేలా నేను సాయం చేస్తాను.

ఈలోపు ఒక చిన్న మనవి. సెషన్ అయ్యాక బండి మీద తిరిగి వెళ్లేటప్పుడు "ఏం చెప్పావ్?" అని అడగకండి. టిఫిన్ ఏం తింటావని అడగండి చాలు. రాత్రి వేళ కంగారు పుట్టే మాట ఏదైనా వింటే తనని ఒంటరిగా వదలకుండా దగ్గరి ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, నాకు ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కూడా రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ఇట్లు,
సుధ,
క్లినికల్ సైకాలజిస్ట్