ఏటి చెలమ

ఆ.వె.
వరద వచ్చినపుడు వంకలన్నియు నిండు
ఎండవేళ నొక్క యేటి చెలమ
తవ్వుకున్న వాని దప్పిక తీర్చును
చెలిమి యన్న నదియె చెలమ సుమ్ము

తాత్పర్యం: వరద వచ్చినప్పుడు ప్రతి వంకా నిండుగానే పారుతుంది. మండుటెండల్లో మాత్రం ఏటి ఇసుకలో తవ్వుకున్న చెలమ ఒక్కటే దప్పిక తీరుస్తుంది, నిజమైన స్నేహం అలాంటి చెలమ.

స్వర్ణముఖి ఒడ్డున పెరిగినవాళ్లకు ఈ తాత్పర్యం కూడా అక్కరలేదు. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుపతి పక్కగా, శ్రీకాళహస్తి గుడిని ఆనుకుని సముద్రానికి పోయే ఈ ఏరు ఏడాదిలో చాలా నెలలు ఉత్త ఇసుకే. 2021 నవంబరు వానలకు ఒడ్డులు తెంచుకుని పారింది. ఆ నీళ్లు చూడటానికి జనం గుంపులుగా వచ్చారు. చేతికి దక్కే నీళ్లు కావవి.

చిన్నప్పుడు తొండవాడ దగ్గర ఎండాకాలంలో చెలమలు తవ్వేవాళ్లం. పైన కాళ్లు కాలే ఇసుక. మోచెయ్యి లోతు పోయేసరికి వేళ్లకు చల్లగా తడి తగిలేది. మొదట ఊరేవి బురద నీళ్లు. వాటిని కొబ్బరిచిప్పతో తోడి పారబోసి కాసేపు ఊరుకుంటే, అడుగున ఇసుక రేణువులు కనబడేంత తేటగా ఊరేవి. తోడేకొద్దీ మళ్లీ ఊరేవి.

పద్యంలో నాకు ముఖ్యమైన మాట ‘తవ్వుకున్న’. చెలమ తనంతట తాను బయటికి రాదు. మనమే వంగాలి, చేతులు మురికి చేసుకోవాలి. కష్టం చెప్పుకోవడం నామోషీ అనుకునేవాడు ఇసుక మీద నిలబడి నీళ్లు లేవంటాడు. నేను అలా చాలా ఏళ్లు నిలబడ్డాను.

మా నాన్నను ఆసుపత్రిలో చేర్చిన రాత్రి ఒక్కణ్నే టెన్షన్‌తో తిరుగుతూ, చివరికి చిన్ననాటి స్నేహితుడికి ఫోన్ చేశాను. పండక్కి పలకరింపు కూడా లేని మనిషి. మొదట తిట్టాడు. ‘పొద్దున్నే చెప్పేదానికి ఏమిరా నీకు? నేను చచ్చిపోయినానా?’ అన్నాడు. అదీ బురద నీరు. గంటలో వచ్చేశాడు. మూడు రాత్రులు వార్డు బయట నేలమీద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. మందుల చీటీ నా చేతిలోంచి లాక్కుని తనే పరిగెత్తేవాడు. ఎంత ఖర్చయిందో ఈ రోజు వరకూ చెప్పలేదు.

నాలుగో రోజు తెల్లవారుజామున వాడు ఫ్లాస్కులో కాఫీ తెచ్చి, ముందు నాకు పోసి, మిగిలిన సగం గ్లాసు తను తాగాడు. పద్యంలో మూడు పాదాలు ఎప్పటినుంచో నా దగ్గర ఉన్నాయి. నాలుగోది అప్పుడు తట్టింది.