శనివారం మాల్యాద్రి

కందుకూరు బడిలో ఉన్నప్పుడు మాల్యాద్రికి తన పేరంటే విసుగు. క్లాసులో ముగ్గురు మాల్యాద్రులు. మేడమ్ ఒకసారి పిలిస్తే ముగ్గురూ లేచేవాళ్లు. చివరికి ఇంటిపేర్లతో పిలవడం మొదలుపెట్టారు. ఆ వైపు ఊళ్లన్నీ అంతే. మాలకొండ నరసింహస్వామికి మొక్కుకుంటే పుట్టిన పిల్లలు వీధికొకరు ఉంటారు. తాతల తరంలో మాలకొండయ్యలు, మాలకొండమ్మలు. ఇప్పటి పిల్లల్లో మాల్యాద్రులు. వీడికి కూడా తాత పేరు మాలకొండయ్య అనే పెట్టాలని నాయనమ్మ పట్టు, మరీ పాతకాలం పేరని అమ్మ మొండిపట్టు. మాల్యాద్రి దగ్గర రాజీ కుదిరింది.

మెల్‌బోర్న్‌లో ఐదో తరగతిలో చేరాక ఆ బెంగ తీరింది. బడి మొత్తానికి మాల్యాద్రి తనొక్కడే. కాకపోతే ఆ పేరు పలికేవాళ్లు ఒక్కరూ లేరు.

మొదటి రోజు మిస్ హాజరు పట్టీలో పేరు చూసి ఆగిపోయింది. "మలా... మాలడ్రీ?" అని మొహమాటంగా నవ్వి, "మాల్ అంటే సరిపోతుందా?" అంది. వీడు తల ఊపాడు. కొత్త బడి, కొత్త ఇంగ్లీషు, తల ఊపడం తప్ప ఇంకేం చేస్తాడు? వారం తిరిగేసరికి మాల్ కాస్తా మాలీ అయింది, తర్వాత మాలార్డ్ అయింది. మాలార్డ్ అంటే ఒక రకం బాతు. దానికీ సర్దుకున్నాడు. సైన్సు క్లాసులో దోమల పాఠం వచ్చేదాకా.

బోర్డు మీద మలేరియా అనే మాట పడగానే వెనక బెంచీలో లాక్లన్ కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు వీడి వైపు చూశాడు. అంతే. ఆ రోజు నుంచి వీడు నడిచి వెళ్తుంటే వెనక నుంచి "జ్‌జ్‌జ్" అని దోమ రొద. లాక్లన్ చెడ్డవాడేం కాదు. క్రికెట్‌లో వీడికి ముందుగా బ్యాటింగ్ ఇచ్చేది వాడే. కానీ బ్యాట్ ఇస్తూ కూడా "తీసుకో మలేరియా" అనేవాడు.

ఇంట్లో ఒక రాత్రి నాన్నని అడిగాడు.

"నాన్నా, నా పేరు మార్పించు. మ్యాక్స్ అని పెట్టు."

నాన్న ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తాడు. "పూర్తి పేరు ఎందుకురా చెప్పడం? మాల్ అనుకోమను. నన్ను ఆఫీసులో వెంకట్ అనరూ?"

నాన్న అసలు పేరు వెంకట మాలకొండారావు. ఆఫీసులో ఎవరికీ ఆ సంగతి తెలియదు. అమ్మ వంటింట్లోంచి ఏదో అనబోయి ఊరుకుంది. తన మాట నెగ్గించుకుని పెట్టిన పేరాయె.

యూ యాంగ్స్ కొండలు ఆ బడి మైదానం నుంచి కనిపిస్తాయి. చుట్టూ చదునైన నేల, మధ్యలో నల్లగా లేచిన రాతి గుట్టలు. బస్సెక్కించి ఒక బుధవారం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లారు. కొండ కింద రేంజర్ అందర్నీ కూర్చోబెట్టి, ఈ నేల వాథరాంగ్ జనానిదని, వాళ్ల మాటలో దీని పేరు వుర్డి యూయాంగ్ అని, బయలు మధ్యలో పెద్ద కొండ అని దానర్థమని చెప్పింది. అందరి చేతా పలికించింది. మొదట నవ్వారు, రెండోసారి తడబడ్డారు, మూడోసారికి అందరూ పలికేశారు. లాక్లన్ అయితే అరిచి మరీ పలికాడు.

నోరు తిరుగుతుందన్నమాట, అనుకున్నాడు మాల్యాద్రి. కడుపులో మండింది.

పైకి ఎక్కేటప్పుడు దారి పక్కన రెండు పెద్ద బండల మధ్య సన్నటి సందు కనిపించింది. ఒక్కొక్కరే అందులో దూరి అవతలికి వెళ్తున్నారు. లాక్లన్ ఒళ్లు పెద్దది. సగం దాకా వెళ్లి ఆగిపోయాడు. మొహం ఎర్రబడింది. ముందుకు రాడు, వెనక్కి పోడు. అవతల నుంచి నవ్వులు.

"ఊపిరి బిగబట్టకు," అన్నాడు వెనకున్న మాల్యాద్రి. "వదిలెయ్. పక్కకి తిరుగు. కుడి భుజం ముందు పెట్టు. భయపడకుండా ఉంటే ఎంత లావు మనిషైనా దూరిపోతాడు. మా నాయనమ్మ కూడా దూరింది."

లాక్లన్ ఊపిరి వదిలాడు. బయటపడ్డాడు. మోచెయ్యి గీరుకుంది, అంతే.

"నీకెలా తెలుసు?"

"మా కొండలోనూ ఇలాంటిదుంది."

"మీకు కొండ ఉందా?"

"నా పేరే అది."

చుట్టూ నలుగురైదుగురు చేరారు. చెప్పక తప్పలేదు. మాల్య అంటే పూలదండ, అద్రి అంటే కొండ. దేవుడి మెడలోని దండే నేలమీద కొండైందని నాయనమ్మ చెబుతుంది. కింద నరసింహస్వామి, సింహం తల ఉన్న దేవుడు. ఆయన మీద అలిగి అమ్మవారు పైకి వెళ్లిపోయింది. ఆమె దారి కోసమే బండ చీలి సందు ఏర్పడిందట. సింహం తల అనగానే అందరి కళ్లూ పెద్దవయ్యాయి. కానీ వాళ్లని నిజంగా పట్టేసింది ఇంకో సంగతి.

"ఆ గుడి శనివారం మాత్రమే తెరుస్తారు."

"మిగతా రోజులు?"

"మిగతా ఆరు రోజులూ దేవతలు, మునులు వచ్చి పూజ చేసుకుంటారు. మనుషులు వెళ్లకూడదు."

"అయితే ఈరోజు బుధవారం," అన్నాడు లాక్లన్. "నువ్వు మూసి ఉన్నావు."

అందరూ నవ్వారు. ఈసారి మాల్యాద్రికి కూడా నవ్వొచ్చింది. దిగేటప్పుడు దారి పొడుగునా పలకడం నేర్పాడు. ద్రి దగ్గర అందరి నాలుకా మడతపడింది. "డ్రీ కాదు, ద్రి. నాలుక పళ్లకి ఆనాలి," అని మేడమ్‌లా గద్దించాడు కూడా. ఆ గొంతు వాడికెక్కడిదో!

తర్వాతి రెండు రోజులూ ఎవరూ వాణ్ని పేరుతో పిలవలేదు. "ఓయ్" అన్నారు, భుజం తట్టారు. మూసి ఉందిగా మరి. శనివారం క్రికెట్ గ్రౌండ్‌లో మాత్రం, ప్యాడ్లు కట్టుకుని బయల్దేరగానే, పదకొండేళ్ల గొంతులన్నీ ఒక్కసారి "మాల్యాద్రీ" అని అరిచాయి. స్కోరు రాస్తున్న పెద్దాయన తల ఎత్తి, స్పెల్లింగ్ చెప్పమన్నాడు. లాక్లన్ ఒక్కో అక్షరం చెప్పాడు, ఒకటి తప్పు. వీడు మూడో బంతికే అవుటయ్యాడు, అది వేరే సంగతి.

ఆ సాయంత్రం లాక్లన్ ఇంటికొచ్చాడు. సరిగ్గా అప్పుడే నాయనమ్మ వీడియో కాల్. శనివారం కదా, కొండ మీద ఉంది. వెనక కొబ్బరికాయల అంగళ్లు, జనం, ఒక కోతి.

"ఆ పిలగాడు ఎవరు నాయనా? పేరేంది?"

"లాక్లన్, నాయనమ్మా."

"లచ్చన్నా? బాగుండాదయ్యా!"

"లచ్చన్న కాదు. లాక్లన్."

"అదేగా నేననేది. లచ్చన్న. పైన ఉండేది ఎవరు? లచ్చిందేవే గదా. అమ్మవారి పేరు పెట్టుకున్నాడు, బిడ్డ చల్లగుండాలి."

లాక్లన్ వీడి చెయ్యి లాగాడు. "ఏమంటోంది?"

మాల్యాద్రి చెప్పాడు. వాడు కాసేపు ఆలోచించాడు.

"అంటే నా పేరు నీ కొండ మీద, అందరికన్నా పైన ఉందా?"

"ఊఁ."

సోమవారం హాజరు పిలుస్తూ మిస్ "లాక్లన్" అంది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. వాడు చెయ్యెత్తి, చాలా మర్యాదగా, "మిస్, నా పేరు మీరు తప్పు పలుకుతున్నారు," అన్నాడు.